సీతాఫలం కేకుకు రెండు రోజుల గడువు ఎందుకు?

పాలమూరులో మెట్టుగడ్డ వైపు ఒక ఇంటి వెనక గదిలో పుట్టినరోజు కేకులు తయారవుతాయి. బయట బోర్డు లేదు, గోడకు అతికించిన ఒక కాగితం మాత్రం ఉంది. వాట్సాప్‌లో అడిగినవారికి పంపేదీ దాని ఫొటోనే. నేను వెళ్లింది ఆ కాగితం చదవడానికే.

రుచుల పట్టికలో బటర్‌స్కాచ్, పైనాపిల్, చాక్లెట్ ట్రఫుల్, రసమలై ఏ ఊళ్లోనైనా కనబడేవే. అడుగున చేత్తో రాసిన పేరు వేరు: ‘సీతాఫలం, సీజన్‌లో మాత్రమే, ఎగ్‌లెస్, కనీసం కిలో, రెండు రోజుల ముందు చెప్పాలి’. దేశమంతా సాగు చేసే బాలానగర్ రకం సీతాఫలానికి ఆ పేరు ఈ జిల్లా ఊరి నుంచే వచ్చింది. ఇక్కడి కేకులోకి అది రావడంలో వింతేమీ లేదు. ఆలస్యంగా వచ్చిందనే అంటాను.

“ఎగ్‌లెస్ ఒక్కటే ఎందుకమ్మా?” అని కేకులు చేసే ఆమెను అడిగాను.

“ఈ పండు వచ్చేదే కార్తీకం ముందు వెనకల కదన్నా. అటెన్క అయ్యప్ప మాలలు. గుడ్డుది పెడితే ఎవరు తీస్కుంటరు?” అందామె.

ఆ రోజు నారాయణపేటకు పోవలసిన రెండు కిలోల కేకు బల్ల మీద ఉంది, ఎవరిదో మొదటి పుట్టినరోజు. స్పాంజి ముందురోజు సాయంత్రమే కాల్చింది. మైదా, పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్, వంటసోడా. సోడా పెరుగును తాకిన వెంటనే బుడగలు మొదలవుతాయి కాబట్టి పిండిని ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టాలి, లేకపోతే అడుగు గట్టిపడుతుంది. గుడ్డు లేని స్పాంజి వేడి మీద కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లారి మూడు పొరలుగా కోసింది. రెండు రోజుల్లో ఒక రోజు దీనికే పోయింది.

రెండో రోజు పండుది. సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది, కనుక స్పాంజి పిండిలో కలిపి కాల్చే వీల్లేదు. చల్లగానే పొరల మధ్య వేయాలి. పండు అనుకున్న రోజుకు మాగాలి, గింజలు తీయాలి. తొక్క, గింజలు పోగా బరువులో సగం కూడా గుజ్జు మిగలదు. ఆ గుజ్జు నీరు వదిలితే పై పొర జారుతుంది. అందుకే ఆమె పొర అంచు చుట్టూ గట్టి క్రీముతో మడి గట్టులా వేసి, గుజ్జును లోపలే ఆపింది. పొరలు పేర్చాక నాలుగు గంటలు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచాలి. తొందరపడి తీస్తే పక్కన సన్నని తడి గీత కనబడుతుందట. జారబోతోందని చెప్పే గుర్తు అదే.

బరువు దగ్గర వాదనలెక్కువ. ఆమె కేకును అట్టతో తూచి, అట్ట బరువు తీసేసింది: స్పాంజి సుమారు 850 గ్రాములు, చక్కెర పాకం 250, క్రీము 700, గుజ్జు 250. రెండు కిలోలంటే ఇవన్నీ కలిపే. ఫాండెంట్ బొమ్మలు మాత్రం ఇందులో లెక్కపెట్టనని కాగితంలోనే రాసింది. చాలాచోట్ల ఈ మాట రాయరు, బొమ్మల బరువూ కేకు ధరకే అమ్ముడుపోతుంది.

గుడ్డు సంగతిలో ఆమె పట్టింపు నాకు నచ్చింది. ఆహార భద్రతా నిబంధనల్లో గుడ్డు ఉన్న పదార్థానికి మాంసాహార గుర్తే పెట్టాలి. అంతటితో అయిపోదు. గుడ్డు లేకున్నా కొన్ని ఫాండెంట్లలో, మార్ష్‌మాలోల్లో, మెరిసే పూతల్లో జిలాటిన్ ఉంటుంది, అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మాల వేసుకున్న ఇంటికి ఎగ్‌లెస్ అన్న ఒక్క మాట చాలదు. “డబ్బా మీద పదార్థాలు సదివి గానీ కొనను” అందామె. అయితే గుడ్డు కేకులూ అదే ఓవెన్‌లో కాలుతాయి. ఆ సంగతీ కాగితంలో దాచలేదు.

ఇక పంపడం. నారాయణపేట దాదాపు అరవై కిలోమీటర్లు. కారు ఏసీ ముందే వేసి చల్లబరిచారు. సీటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి డబ్బాను దాని మీద పెట్టలేదు. ముందు సీటు కింద, కాళ్ల దగ్గరి చదునైన నేల మీద జారని చాప పరిచి పెట్టారు. బైకు మీద ఒళ్లో పెట్టుకుని పోతామంటే ఆమె కేకు ఇవ్వదు. రెండంతస్తులదైతే విడిగా పంపి అక్కడే పేరుస్తారు. మే నెలలో మధ్యాహ్నం పూట ఊరు దాటి ఏ కేకూ పోదు. డబ్బా మూసేముందు పై నుంచి, పక్క నుంచి ఫొటో తీసి, తీసుకున్నవారికి పంపింది.

మీరు ఎక్కడ ఆర్డర్ ఇచ్చినా మూడు మాటలు ముందే అడగండి: బొమ్మలు బరువులో కలిపారా, జిలాటిన్ ఉందా, దారిలో కేకు బాధ్యత ఎవరిది. పిల్లల పేరు మాత్రం ఫోన్లో చెప్పకండి, రాసి పంపండి.