లేట్ లిస్టు నుంచి వార్నింగ్ లెటర్ దాకా

సూపర్‌వైజర్ తెచ్చిచ్చిన లేట్ లిస్టును ఉన్నదున్నట్టు లెటర్‌లోకి ఎక్కించకండి. మా డిపార్ట్‌మెంట్‌లో చేరే కొత్తవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇదే. నాకు ఈ పని నేర్పిన పర్సనల్ మేనేజర్ గారు లిస్టు చేతికి రాగానే మస్టర్, గేటు రిజిస్టర్, షిఫ్టు రోస్టర్ మూడూ తెప్పించి పక్కపక్కన పరిచేవారు. "ముందు తేదీలు నిలబడాలి, లెటర్ దానంతటదే నిలబడుతుంది" అనేవారు.

మా మిషన్ షాపులో ఒక లేత్ ఆపరేటర్ కేసు చెప్తాను. ఏ షిఫ్టు ఉదయం 6 గంటలకు, గ్రేస్ పది నిమిషాలు. ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు లేటని లిస్టు వచ్చింది. ఒక్కో తేదీ సరిచూస్తే, ఒకరోజు కంపెనీ బస్సే గేటు దాటింది 6.25కి. ఇంకోరోజు అతను ముందే ఫోన్ చేసి సూపర్‌వైజర్ పర్మిషన్ తీసుకున్నాడు. మరో రోజైతే ముందు రాత్రి మనమే ఆపి ఓటీ చేయించాం. ఈ మూడూ కొట్టేశాను. మిగిలిన ఆరు రోజులు 6.18కీ 6.47కీ మధ్య పడిన పంచ్‌లు. బయోమెట్రిక్ గడియారాన్ని గేటు గడియారంతో పోల్చి చూశాకే ఆ టైములు నమ్మాను. అదే షాపులో అదే నెల అంతే లేటుగా వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అనీ చూశాను. ఉండి వాళ్లను వదిలేస్తే, ఇతని మీద కక్షగట్టారని యూనియన్ అనడంలో తప్పుండదు.

తర్వాత సంజాయిషీ మెమో. దీన్ని దాటేసి నేరుగా వార్నింగ్ ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. మనిషి మాట వినకుండా ఇచ్చిన లెటర్ రేపు ఎంక్వైరీలో మనకే అడ్డం తిరుగుతుంది. ఆరు తేదీలు, టైములు రాసి మూడు రోజుల్లో జవాబివ్వమన్నాం. ఇల్లు మారాననీ, తెల్లవారుజామున బస్సు దొరకడం లేదనీ, కొన్నాళ్లు బీ షిఫ్టు ఇవ్వమనీ రాశాడు. కారణం నిజమే. కానీ అతను వచ్చేదాకా నైట్ షిఫ్టు ఆపరేటర్ మిషన్ వదిలి ఇంటికి వెళ్లలేడు. రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషి ఇంకో అరగంట అక్కడే ఉండాలి, ఆ అరగంటకు ఓటీ పడుతుంది. అందుకే ఒప్పుకున్న కో-వర్కర్‌తో నెల రోజులు షిఫ్టు మార్చాం, వార్నింగూ ఇచ్చాం. సాయం చేశాం కదా అని వార్నింగ్ మానేస్తే పక్కవాడికి అన్యాయం.

లెటర్ తెలుగులోనే రాశాం, ఒక పేజీలో.

"మీ షిఫ్టు ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. కింది పట్టికలోని ఆరు తేదీల్లో మీరు గ్రేస్ టైము దాటి వచ్చారు. ఏప్రిల్ 21న మీ సూపర్‌వైజర్ నోటిమాటగా హెచ్చరించారు. మే 5న మీరిచ్చిన సంజాయిషీ చదివాం. మీ ఇబ్బందిని గమనించి నెల రోజులు బీ షిఫ్టు ఇస్తున్నాం. అయితే ముందుగా చెప్పకుండా ఆలస్యంగా రావడాన్ని అంగీకరించలేం. ఇందుకు మిమ్మల్ని హెచ్చరిస్తున్నాం. రాబోయే మూడు నెలల్లో ఇది మళ్లీ జరిగితే స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం చర్య తీసుకోవలసి వస్తుంది."

ఇందులో ఏం లేదో కూడా చూడండి. సూపర్‌వైజర్ చిత్తుప్రతిలో "నిర్లక్ష్యం", "బాధ్యత లేని ప్రవర్తన" అని ఉన్నాయి, రెండూ తీసేశాను. 6.47 అన్న అంకెను ఎవరూ కాదనలేరు. బాధ్యత లేదంటే మాత్రం వాదన మొదలవుతుంది. "ఉద్యోగం తీసేస్తాం" అని కూడా రాయలేదు. అలవాటుగా ఆలస్యంగా రావడం 1946 చట్టం కింద వచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలోనే మిస్‌కాండక్ట్‌గా చేర్చారు. కానీ తీసేయాలంటే చార్జిషీటు, ఎంక్వైరీ నడవాలి. శిక్షను ముందే రాసిపెట్టుకుంటే ఆ ఎంక్వైరీ ఉత్త తంతే. జీతం కోత విషయంలోనూ అంతే. అరగంట లేటైతే అరగంట జీతమే కోయాలి. హాఫ్ డే కోయమని ప్రొడక్షన్ వాళ్లు ఒత్తిడి తెస్తారు, చట్టం ఒప్పుకోదు.

లెటర్ ఇచ్చేటప్పుడు షాప్ ఫ్లోర్ మీద నలుగురి ముందు ఇవ్వకండి. క్యాబిన్‌లో కూర్చోబెట్టి చదివి వినిపించాను. సంతకం పెట్టనన్నాడు. "ఇది లెటర్ అందిందని పెట్టే సంతకమే, తప్పు ఒప్పుకున్నట్టు కాదు. నీకు అభ్యంతరం ఉన్న తేదీ ఏదైనా ఉంటే ఇక్కడే రాయి" అన్నాను. ఒక తేదీ పక్కన వర్షమని రాసి సంతకం పెట్టాడు. ఆ కాపీ అలాగే ఫైల్లో ఉంది. అప్పటికీ పెట్టకపోతే "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి, ఇంటి అడ్రసుకు అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు చేయాలి.

ఆ ఆరు తేదీలూ ఈ వార్నింగ్‌తో తీరిపోయాయి. మళ్లీ లేటైతే కొత్త తేదీల మీదే మెమో ఇవ్వాలి, ఈ లెటర్‌ను పాత రికార్డుగా చూపించవచ్చు, అంతే. అవే తేదీలకు రెండోసారి శిక్ష వేయకూడదు. ఇతని విషయంలో ఆ అవసరం రాలేదు. మూడు నెలలూ టైముకి వచ్చాడు. గడువు ముగిసిన రోజున హాజరు చూసి, గమనింపు కాలం సంతృప్తికరంగా ముగిసిందని ఒక నోట్ పెట్టాం. వార్నింగ్ కాపీ ఎలా ఇచ్చామో ఆ నోట్ కాపీ కూడా అలాగే అతనికి ఇచ్చాం.