నిల్వ గడి వదిలేసినందుకు

పాస్‌బుక్ చూసి రాసుకున్న లెక్క ఆ పాస్‌బుక్‌తోనే తేడా వచ్చిందంటే, తప్పు రాసుకోవడంలోనే ఉంటుంది. డబ్బు ఎక్కడికీ పోయి ఉండదు. ఇంత తేలికైన సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. తట్టకపోవడం వల్ల ఒక నిజాయితీపరుణ్ణి పదిమంది ముందు అనుమానించాను.

విజయవాడలో మాది యాభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సంఘానికి కోశాధికారిని నేను. ఫ్లాటుకు నెలకు 2,100 రూపాయలు మెయింటెనెన్స్. ఎక్కువమంది ఫోన్‌లోంచే పంపిస్తారు. నగదు ఇచ్చేవాళ్ల సొమ్ము వాచ్‌మన్ తీసుకెళ్లి బ్యాంకులో కట్టి వస్తాడు. నెలాఖరున పాస్‌బుక్ ప్రింట్ వేయించి, ఒక్కో పద్దూ ఎక్సెల్‌లోకి ఎక్కించేవాణ్ణి: తేదీ, వివరం, తీసినది, వేసినది. పాస్‌బుక్‌లో ప్రతి వరుస చివరా ఉండే నిల్వను మాత్రం టైపు చేసేవాణ్ణి కాదు. దాన్ని ఫార్ములాకు అప్పజెప్పాను, పని తగ్గుతుందని. అసలు పొరపాటు అక్కడే జరిగింది.

ఆ నెల మొదట నిల్వ 1,62,480. నెలాఖరుకు నా షీటు 2,11,850 చూపించింది, పాస్‌బుక్ 2,09,150 చూపించింది. బ్యాంకులో 2,700 తక్కువ. ఖర్చులన్నీ చెక్కులమీద వెళ్లేవే, చేతులు మారేది నగదు ఒక్కటే. ఆ లెక్కన కమిటీ సమావేశంలో వాచ్‌మన్‌ను పిలిచి, "ఈ నెల బ్యాంకులో ఎంత కట్టావయ్యా?" అని అడిగాను. "మీరిచ్చిందంతా కట్టాను సార్, రసీదులు మీ దగ్గరే ఉన్నాయి కదా" అన్నాడు. రసీదులు నా దగ్గరే ఉన్నాయి. అంతకుముందే షీటు పక్కన పెట్టుకుని వాటిని సరిచూశాను కూడా. కానీ ముందు షీటులో అంకె చదివి, తర్వాత రసీదు చూశాను. అలా చూస్తే కన్ను అప్పటికే చదివిన అంకెనే మళ్లీ చదువుతుంది. తప్పు నా ముందే ఉన్నా దాటిపోయింది.

ఆ రాత్రి కూర్చుని, ముందే చేయాల్సిన పని చేశాను. మొదట మొత్తాలు చూశాను. మా బ్యాంకు స్టేట్‌మెంట్ చివర, వేసినవన్నీ కలిపి 1,21,780, తీసినవన్నీ కలిపి 75,110 అని ఉంది. మొదటి నిల్వకు వేసినవి కలిపి, తీసినవి తీసేస్తే సరిగ్గా 2,09,150 వచ్చింది. అంటే బ్యాంకు లెక్కలో లోటు లేదు. నా షీటులో తీసినవి సరిపోయాయి, వేసినవి మాత్రం 1,24,480 ఉన్నాయి. తప్పు ఏ వైపు ఉందో అప్పుడే తేలిపోయింది.

తర్వాత 2,700ను తొమ్మిదితో భాగించాను. 300 వచ్చింది, శేషం లేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. 74 బదులు 47 రాస్తే 27 తేడా, అంటే తొమ్మిది మూళ్లు. ఆ మూడే ఏడుకూ నాలుగుకూ మధ్య ఉన్న దూరం. నాకు వచ్చింది 300 కాబట్టి, వందల, వేల స్థానాల్లోని అంకెలు తారుమారై ఉండాలి, వాటి మధ్య దూరం మూడు ఉండాలి. వేసినవాటిలో నా లెక్కే ఎక్కువ ఉంది కనుక, నేను రాసినదాంట్లో వేల అంకె పెద్దదై ఉండాలి.

అలా చూస్తే రెండు పద్దులు దొరికాయి. ఒకటి 6,300, మూడు నెలల సొమ్ము ఒకేసారి పంపిన ఫ్లాటుది. రెండోది 17,400, నగదు జమ. తొమ్మిది సూత్రం ఇంతవరకే తీసుకురాగలదు. అనుమానితుల్ని చూపిస్తుంది, తీర్పు చెప్పదు. పైగా సున్నా ఒకటి తక్కువ పడినా, అంటే 1,200 బదులు 120 రాసినా తేడా 1,080, అదీ తొమ్మిదితో పోతుంది. ఒక పద్దు పూర్తిగా వదిలేసినా, ఆ మొత్తం తొమ్మిదితో పోయేదైతే ఇలాగే మభ్యపెడుతుంది.

తీర్పు చెప్పేది నిల్వ. పాస్‌బుక్‌లో నిల్వలన్నీ ఒక్కొక్కటిగా, నేను వదిలేసిన గడిలోకి ఎక్కించాను. C గడిలో తీసినది, D గడిలో వేసినది, E గడిలో బ్యాంకు వేసిన నిల్వ, రెండో వరుసలో మొదటి నిల్వ ఉన్నాయనుకుంటే, మూడో వరుస F గడిలో ఇది రాసి కిందివరకూ లాగాలి:

```
=ROUND(E3-E2-D3+C3,2)
```

పై వరుస నిల్వకు ఈ వరుసలో వేసినది కలిపి, తీసినది తీసేస్తే ఈ వరుస నిల్వ రావాలి. వస్తే F గడిలో సున్నా ఉంటుంది. నా షీటులో అన్నీ సున్నాలే, ఒక్క చోట తప్ప. అక్కడ పై నిల్వ 1,88,930, నేను రాసిన జమ 17,400, బ్యాంకు నిల్వ 2,03,630. గడిలో −2,700. బ్యాంకు నిల్వలోంచి పై నిల్వ తీసేస్తే 14,700. ఫైలులో రసీదు తీశాను, 14,700. ఏడు ఫ్లాట్ల సొమ్ము. అసలు 17,400ను 2,100తో భాగిస్తే నిశ్శేషంగా పోదు, అదైనా చూసుకోలేదు.

నా ఫార్ములా నిల్వ ఈ తప్పును ఎందుకు పట్టలేదో అప్పుడు అర్థమైంది. అది నేను టైపు చేసిన అంకెల్నే కూడుతుంది కాబట్టి, తప్పు అంకెతోనూ చక్కగా సరిపోతుంది. వరుస వరుసకూ సాక్ష్యం చెప్పాల్సినది బ్యాంకు వేసిన నిల్వ. ఆ సాక్షిని నేనే పక్కన పెట్టేశాను.

ఈ పద్ధతిలో ఒక్క జాగ్రత్త కావాలి. పద్దులో అంకెలు తారుమారైతే ఒక్క వరుసే తెగుతుంది. నిల్వను టైపు చేయడంలో తారుమారైతే రెండు వరుసలు తెగుతాయి. ఆ 2,03,630ను నేను 2,30,630 అని కొట్టి ఉంటే, జమ సరిగ్గానే ఉన్నా, ఆ వరుసలో 27,000, కింది వరుసలో −27,000 వచ్చేవి. ఒకే అంకె వెంటవెంటనే ఎదురు గుర్తులతో కనిపిస్తే పద్దుల జోలికి పోకుండా నిల్వను సరిచేసుకోవాలి. అన్నట్టు, ఆన్‌లైన్‌లో దించుకున్న స్టేట్‌మెంట్లలో కొన్ని కొత్త పద్దును పైన చూపిస్తాయి. వాటిని తిరగేయకుండా ఈ ఫార్ములా పెడితే దాదాపు ప్రతి వరుసా తప్పనే చెబుతుంది. ఒకే రోజు పద్దుల వరుసను మనం మార్చినా గొలుసు తెగుతుంది. బ్యాంకు ఇచ్చిన క్రమాన్ని కదపకూడదు.

మర్నాడు కమిటీ వాళ్లందర్నీ మళ్లీ పిలిచి షీటూ రసీదూ చూపించాను. వాచ్‌మన్‌కు అందరి ముందే క్షమాపణ చెప్పాను. "పోనీలెండి సార్" అన్నాడు గానీ, ఆ తర్వాత ప్రతి రసీదునూ తన ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే నాకిస్తున్నాడు. అతను చేస్తున్నది సరైనదే.

సంఘాల లెక్కలు, గుళ్ల లెక్కలు, పొదుపు గ్రూపుల లెక్కలు రాసేవాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. బ్యాంకు నిల్వను కూడా టైపు చేయండి. తేడా వస్తే F గడి మొత్తం చూశాకే ఇంకొకరిని అడగండి.