విజిటింగ్ కార్డు వెనక రాసుకున్న మాట

నుమాయిష్‌కి వెళ్లినవాళ్లు సంచి నింపుకుని బయటికొస్తారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైనప్పటి నుంచీ అక్కడ లెక్క అదే: చూడ్డం, బేరమాడ్డం, కొనేయడం. హైటెక్స్‌లో జరిగే వ్యాపార ప్రదర్శనల తీరు వేరు. నవంబరులో పౌల్ట్రీ ఇండియా జరిగినప్పుడు ఓసారి చూడండి. హాలంతా జనమే, డబ్బు తీసేవాడు మాత్రం అరుదు. జేబుల నిండా కార్డులు వేసుకుని ఇళ్లకి పోతారు. బేరం కదిలేది ఆ తర్వాత వెళ్లే మెయిల్‌తోనే.

మా స్నేహితుడి కొడుకు ఒకడు పంజాగుట్ట సందులో చిన్న ఆఫీసు పెట్టుకుని కోడిగుడ్ల ట్రేలు అమ్ముతాడు. పాత కాగితాన్ని గుజ్జు చేసి, అచ్చు తీసి ఆరబెడతారే, అవే. ట్రేకి 30 గుడ్లు, ఏడు ట్రేలు పేరిస్తే 210 గుడ్ల బాక్సు. ప్రదర్శన నుంచి మెట్రోలో అమీర్‌పేటకి తిరిగొస్తూ ఫోన్లోనే మెయిల్ కొట్టి, మర్నాడు నాకు చూపించాడు. ‘మిమ్మల్ని కలవడం ఆనందంగా ఉంది, మా కేటలాగ్ జతచేశాం, మీ అవసరాలు తెలియజేయగలరు’ అని ఉంది.

“ఇది ఎవరికి రాశావురా?” అన్నాను.

“అందరికీ అదే, బాబాయ్.”

అదే కదండీ తంటా! ఆ పైరు ఏ చేలోనైనా నాటుకోవచ్చు కాబట్టి ఏ చేలోనూ మొలవదు. అవతలివాళ్లకి ఆ వారమంతా అలాంటివే వస్తాయి. అదృష్టం కొద్దీ వాడికి ఓ మంచి అలవాటుంది: మనిషి అటు తిరగ్గానే కార్డు వెనక ఒక్క ముక్క రాసుకుంటాడు. ఒక ఫారం యజమాని కార్డు వెనక ‘అడుగు వరస కుంగుతోంది, మంచు’ అని ఉంది. కూపీ లాగితే సంగతి తేలింది. ఆయన బండి రాత్రి లోడై తెల్లవారేసరికి హైదరాబాదు చేరుతుంది. కాగితం ట్రే చెమ్మ పీల్చి మెత్తబడడంతో, పై బాక్సుల బరువుకి అడుగు వరస కుంగి గుడ్లు చిట్లుతున్నాయి.

ఇంకో చిక్కు. ఆ కార్డు మీదున్నది ఆఫీసు మెయిల్. దాన్ని తెరిచేది యజమాని కాదు, గుమాస్తా. స్టాల్ దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఆయనకేం తెలుసు? కాబట్టి ఆ సంభాషణని మర్యాద కోసం కాదు, అక్కడ లేని మనిషికి అర్థమయ్యేందుకు గుర్తుచేయాలి. గుమాస్తా లోపలికెళ్లి “అయ్యా, అడుగు వరస సంగతి ఎవరితోనో చెప్పారట” అని అడగగలిగితే చాలు.

స్టాల్లో మాటలు తెలుగులోనే నడిచాయి కాబట్టి మెయిలూ తెలుగులోనే రాశాం. విషయం దగ్గర ‘అడుగు వరస ట్రేలు కుంగడం – హైటెక్స్‌లో మీరన్న సంగతి’ అని పెట్టాం. కింద, పేరు తీసేసి చెబుతున్నాను, ఇలా ఉంది:

‘... గారికి నమస్కారం. నిన్న పౌల్ట్రీ ఇండియాలో మా ట్రేని చేత్తో నొక్కి చూసి, మంచు పడే రోజుల్లో అడుగు వరస కుంగుతోందన్నారు. మా ట్రే ఆగుతుందని నోటితో చెప్పడం కంటే మీ బండిలోనే చూడటం మేలు. 35 ట్రేలు, పైన కప్పడానికి మరో 5 మా ఖర్చుతో పంపుతాను. అవి ఐదు బాక్సులకి సరిపోతాయి. వచ్చే మంగళవారం లోడులో వాటినీ, మీరు వాడే ట్రేలతో మరో ఐదు బాక్సులనూ అడుగు వరసలోనే పెట్టించండి. దించేచోట చిట్లిన గుడ్లు రెండువైపులా లెక్కపెట్టిస్తే చాలు. శనివారంలోగా సరేనంటే సోమవారానికి ట్రేలు మీ ఫారంలో ఉంటాయి.’

అడుగు వరస అని పట్టుబట్టడానికి కారణముంది. కొత్త ట్రేలు పైన, పాతవి కింద పడితే మనవే గెలుస్తాయి, కానీ ఆ గెలుపుని పౌల్ట్రీ మనిషి నమ్మడు. ఒక్క బాక్సుతో సరిపెడితే ఓ గతుకు దగ్గర చిట్లినవే లెక్క తారుమారు చేస్తాయి. ఐదు బాక్సులైనా గట్టి రుజువేం కాదు; రెండోసారి చూద్దామా వద్దా తేల్చుకోవడానికి పనికొస్తాయి, అంతే.

ధర రాద్దామన్నాడు, వద్దన్నాను. ధర కనబడితే గుమాస్తా దాన్ని పాత ధర పక్కన పెట్టి అక్కడే కొట్టేస్తాడు. కేటలాగూ తీసేశాం. ఫారానికి రమ్మంటారా, ఫోన్ చేయమంటారా అన్న ప్రశ్నలూ పోయాయి. మూడు అడిగితే ఏది తేల్చాలో తోచక మెయిల్ పక్కన పడుతుంది. పంపాక యజమాని నంబరుకి వాట్సాప్‌లో ‘అడుగు వరస సంగతి మీ ఆఫీసుకి మెయిల్ చేశాను’ అని ఒక్క ముక్క పెట్టించాను.

శుక్రవారం గుమాస్తా దగ్గర్నుంచి జవాబొచ్చింది: ‘మంగళవారం లోడు లేదు, బుధవారం రాత్రి. ట్రేలు సాయంత్రం నాలుగులోపు పంపండి.’ మావాడు తేదీ మారిందని మొహం వేలాడేశాడు. “ఒరే, ‘చూసి చెప్తాం’ అని రాలేదు కదా, టైమ్ ఇచ్చారు. ముందు ఆటో మాట్లాడు” అన్నాను.