హ్యాకథాన్ మొదటి అయిదు నిమిషాల్లో ఏం చెప్పాలి?



స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కేంద్ర విద్యాశాఖ, ఏఐసీటీఈ కలిసి 2017 నుంచి నడుపుతున్నాయి. దేశస్థాయి ఫైనల్లో సాఫ్ట్‌వేర్ టీమ్‌లు 36 గంటలు ఆపకుండా పని చేస్తాయి. అక్కడికి వెళ్ళాలంటే ముందు ఎవరి కాలేజీలో వాళ్ళు పెట్టే లోపలి రౌండులో నెగ్గాలి. మా కాలేజీలో ఆ రౌండు 24 గంటలు. ప్రారంభ సభలో పరిచయం చెప్పే పని నాకిచ్చారు. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. నాలాంటివాళ్ళు హాల్లో వెనక వరసల్లో కూర్చుంటారని నాకు తెలుసు. అందుకే ఆ అయిదు నిమిషాలూ వాళ్ళ కోసమే రాసుకున్నాను. మీ కాలేజీలో రేపు ఈ పని మీకే పడొచ్చు, అందుకని ఇక్కడ పెడుతున్నాను.

మొదట థీమ్. "ఆరోగ్యం" అని ఒక్క మాట చెప్పి దిగిపోతే ఎవరికీ ఏటీ అర్థం కాదు. అందరూ ఆస్పత్రి అపాయింట్‌మెంట్ యాప్ మొదలుపెడతారు. ఈ పోటీలో ప్రభుత్వ శాఖలు ఇచ్చే సమస్యలతో పాటు "స్టూడెంట్ ఇన్నోవేషన్" అని ఒక విభాగం ఉంటుంది. అందులో థీమ్ వాళ్ళిస్తారు, సమస్య మనం తెచ్చుకోవచ్చు. కాబట్టి నేను మనకి తెలిసిన సమస్య ఒకటి పట్టుకుని చెప్పాను.

కొండ మీద ఊళ్ళ నుంచి నిండు చూలాలిని డోలీలో దింపడం మనం చూస్తున్నదే. నొప్పులు మొదలయ్యాక దింపడం కంటే ముందే కిందకి తెచ్చి ఉంచితే మేలని సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణులకి వసతి గృహం పెట్టారు. అయితే ఎవర్ని ఎప్పుడు తేవాలి? ఆఖరి నెలసరి మొదలైన రోజుకి 280 రోజులు కలిపితే కాన్పు తేదీ అంచనా వస్తుంది. 2025 జనవరి 10 అనుకుంటే అక్టోబరు 17 అవుతుంది. ఈ లెక్కకి పైథాన్‌లో రెండు లైన్లు చాలు:

```python
from datetime import date, timedelta
print(date(2025, 1, 10) + timedelta(days=280))
```

మూడు వారాల ముందు తేవాలనుకుంటే అది సెప్టెంబరు 26. వానలింకా పోని కాలం. దారిలో గెడ్డ ఉంటే ఇంకా ముందే దింపాలి. ఏ ఊరికి ఏ గెడ్డ అడ్డమో, అది ఎన్ని రోజులు దాటనివ్వదో కోడ్‌కి తెలీదు. ఆ ఊరి పిల్లలకి తెలుసు. ఈ మాట అన్నప్పుడే వెనక వరసలో తలలు లేచాయి.

అసలు చిక్కు ఇంకోటుంది. చాలామంది అమ్మలు తేదీ చెప్పరు. "కందికొత్త పండగైన వారానికి" అంటారు. మన యాప్ తేదీ లేనిదే ముందుకి కదలకపోతే, ఆశా కార్యకర్త ఏదో ఒక తేదీ కొట్టేసి పని కానిస్తుంది. తప్పుడు తేదీ కూడా తెర మీద నిజం తేదీలాగే కనిపిస్తుంది. అందుకని పండగ పేరు, దానికి ముందా తరవాతా అన్నది రాసుకునే గడి ఉండాలి. తేదీ బదులు "ఈ వారం నుంచి ఆ వారం లోపు" అని చూపించాలి. తొలి నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే ఆ తేదీ పక్కన పెట్టుకోవాలి. థీమ్ చెప్పడమంటే ఇంతవరకూ తీసుకెళ్ళి వదలడం. మిగతాది టీమ్‌ల పని.

తరవాత రూల్స్. టీమ్‌కి ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ఈ రెండూ దేశస్థాయి నియమాలే. "ఆరుగురికీ కోడింగ్ రావాలా?" అని మా హాస్టల్ తమ్ముడొకడు ముందురోజే అడిగాడు. అక్కర్లేదని స్టేజీ మీద లెక్క వేసి చెప్పాను. కోడ్ రాసేవాళ్ళు ఇద్దరు. తెర ఎలా ఉండాలో కాగితం మీద గీసేవాళ్ళు ఒకరు. ఊరి సంగతి తెలిసి ప్రశ్నలకి జవాబిచ్చేవాళ్ళు ఒకరు. తయారైన ప్రతి ముక్కనీ వాడి తప్పులు పట్టేవాళ్ళు ఒకరు. చివర్లో చెప్పేవాళ్ళు ఒకరు. ఇలగ పంచుకుంటే రెండు ల్యాప్‌టాప్‌లతో ఆరుగురూ పని చేయొచ్చు. ఆ ఒక్క అమ్మాయిని పేరు నింపడానికి పిలవకండి, ఈ సమస్యలో ఏం అడగాలో ఆమెకే ముందు తెలుస్తుందని కూడా అన్నాను.

మా కాలేజీ పెట్టిన రూల్స్ రెండు. అందరికీ దొరికే లైబ్రరీలు వాడుకోవచ్చు గానీ ముందే తయారైన ప్రాజెక్టు తేకూడదు. నిజం మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు డెమోలో పెట్టకూడదు. కడుపుతో ఉన్న మనిషి వివరాలు హాల్లో తెర మీద పడటం ఆమెకి అన్యాయం. కల్పించిన పేర్లు పది చాలు.

మెంటార్లని పరిచయం చేసేటప్పుడు డిగ్రీలు చదవలేదు. ఎవర్ని ఏటి అడగొచ్చో చెప్పాను. కంప్యూటర్స్ మేడమ్‌ని సిగ్నల్ లేనప్పుడు డేటా ఫోన్లోనే ఎలా దాచాలో, సంతకి దిగినప్పుడు ఎలా పంపాలో అడగండి. పీహెచ్‌సీ నుంచి వచ్చిన ఏఎన్ఎం అక్కని రిజిస్టర్లో ఏ వరస మొదట చూస్తుందో అడగండి. మెంటార్ కీబోర్డు ముట్టుకోరు. ఆరో గంటలో ఒకసారి, పద్దెనిమిదో గంటలో ఒకసారి మీ బల్ల దగ్గరికొస్తారు. మొదటిసారి వచ్చేసరికి సమస్య ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే పని ఇంకా మొదలవ్వనట్టే. చాలా టీమ్‌లు లాగిన్ పేజీ రంగుల దగ్గరే ఆ ఆరు గంటలూ పోగొట్టుకుంటాయి.

పని నిజంగా అయిందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష కూడా చెప్పాను. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఒక పేరు ఎక్కించండి. యాప్ మూసి మళ్ళీ తెరవండి. పేరు అక్కడే ఉంటే మీ యాప్ కొండెక్కుతుంది. లేకపోతే హాల్లో వైఫై ఉన్నంతసేపే పని చేస్తుంది.

చివరగా పాల్గొనడం గురించి రెండే మాటలు చెప్పాను. తెలుగులో చెప్పొచ్చు, మార్కులు తగ్గవని జడ్జీల దగ్గర ముందే అడిగి ఖాయం చేసుకుని మరీ ప్రకటించాను. సగమే పూర్తయినా స్టేజీ ఎక్కి, ఎక్కడ ఆగిందో చూపించొచ్చు. ఆగిన చోటు చూసి జడ్జీలు అడిగే ప్రశ్న వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

సభ అయ్యాక పేర్ల కాగితం దగ్గరికి మా హాస్టల్ నుంచి తొమ్మిదిమంది వెళ్ళారు. ఒక టీమ్ నిండింది, ఇంకో టీమ్‌కి ముగ్గురు తక్కువయ్యారు. ఆ ముగ్గురు పక్క బ్రాంచి నుంచి వచ్చారు. వాళ్ళు మా వాళ్ళని అడిగిన మొదటి ప్రశ్న, "కందికొత్త ఏ నెల్లో వస్తుంది?" అని. ఒక్కో ఊళ్ళో ఒక్కోసారి చేస్తారని మా చెల్లి చెప్పింది. అప్పటిదాకా గీసిన గడి కొట్టేసి, పండగ పేరు పక్కన ఊరి పేరు కూడా రాసుకున్నారు.