ఓటీ ఎవరికి? గంటలు కాదు, పిలుపులు లెక్కపెట్టాలి



మన హోసూరు సంఘంలో చాలా ఇళ్ళలో ఒకరైనా సిప్కాట్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. జీతం గురించి ఎంత మాట్లాడుకుంటామో ఓటీ గురించీ అంతే మాట్లాడుకుంటాం. కొందరికి దొరకలేదని బాధ, కొందరికి తప్పించుకోలేకపోయామని బాధ. ఈ రెండూ ఒకే జబ్బు అని నాకు అర్థమైంది నేను వర్క్స్ కమిటీలో కార్మికుల తరఫున కూర్చున్నప్పుడు. అప్పుడు మేం వేసిన లెక్క ఇక్కడ రాస్తున్నాను, మీ మీ చోట్ల పనికొస్తుందని.

మాది గ్రైండింగ్ సెక్షన్. ఆ పని వచ్చినవాళ్ళు ఎనిమిది మంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 4.30 దాకా షిఫ్టు, టీ తర్వాత 5 నుంచి 7 దాకా ఓటీ. రోజూ ఇద్దరు కావాలి. ఎవరు ఉండాలన్నది సూపర్‌వైజర్ మధ్యాహ్నం మూడింటికి వచ్చి చెప్పేవాడు. ఇద్దరు సీనియర్లు "ఇరవై ఏళ్ళ సర్వీసు మాది, ముందు మాకే" అనేవారు. అడిగిన వెంటనే సరేనంటారు కాబట్టి సూపర్‌వైజర్‌కూ అదే సుఖం. చెల్లెలి పెళ్ళి అప్పు తీర్చాల్సిన కుర్రాడొకడు నోరు మెదపలేక చూస్తూ ఉండేవాడు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి ఒకామె "ఇప్పుడు చెబితే పిల్లల్ని ఎవరు తెస్తారన్నా?" అని బస్సు ఎక్కేసేది.

ఇక్కడ చట్టం గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు కూలి ఉండేది. ఓటీతో కలిపి రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు దాటకూడదని ఉండేది. అన్నిటికన్నా ముఖ్యమైనది, మూడు నెలలకు మొత్తం ఓటీ 50 గంటలు దాటకూడదని ఉండేది. ప్రత్యేక అనుమతి ఉంటే 75 దాకా ఉండేది. మా ఫ్యాక్టరీకి ఆ అనుమతి లేదు. (2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ రెట్టింపు కూలి ఉంది, కార్మికుడి సమ్మతి కావాలనీ ఉంది. గంటల పరిమితిని ప్రభుత్వ నియమాలు నిర్ణయిస్తాయి కాబట్టి మీ చోట ఎంతో చూసుకోండి.)

ఇప్పుడు లెక్క చూడండి. రోజూ ఒక సీనియర్ ఉంటే వారానికి 12 గంటలు. నాలుగు వారాలకు 48. అంటే జనవరిలో మొదలుపెట్టినాయనకు నెలాఖరుకే గంటలు అయిపోయినట్టు. ఇష్టపడి చేసేవాళ్ళ గంటలు ముందే ఖర్చయిపోతే, మార్చి నెల ఒత్తిడంతా ఇష్టం లేనివాళ్ళ మీద పడుతుంది. మార్చి అంటే పిల్లల పరీక్షలు, మన చంద్రచూడేశ్వర స్వామి తేరు. మాకు జరిగిందీ అదే. ఆ తర్వాత జరిగేది ఇంకా అన్యాయం: సీనియర్ పని చేస్తాడు, రిజిస్టర్‌లో ఇంకొకరి పేరు రాస్తారు. ఆ గంటలో చేతికి దెబ్బ తగిలితే ఆ మనిషి కాగితం మీద అక్కడ లేనే లేడు.

అదే పనిని ఎనిమిది మందికి పంచితే ఎంత? వారానికి 24 గంటలు, 13 వారాలకు 312. మనిషికి 39 గంటలు, అంటే దాదాపు 20 సాయంత్రాలు. వారానికి రెండు సాయంత్రాలు కూడా నిండవు. ఈ ఒక్క సంగతి తెలిశాక సగం గొడవ తగ్గింది. ఆ తల్లిని అడిగాం. "మంగళవారం, గురువారం మా అత్త ఉంటుంది, ఆ రెండు రోజులూ ఉంటానన్నా" అంది. రెండు రోజుల చొప్పున 13 వారాలకు 26 సాయంత్రాలు. ఆమె వాటాకు 20 చాలు. కుటుంబం ఉన్నవాళ్ళు ఓటీ చేయలేరన్న మాట నిజం కాదు. ముందుగా చెప్పకపోవడమే వాళ్ళకు అడ్డం.

అప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాం. ప్రతి ఒక్కరి పేరు పక్కన చేసిన గంటలు కాదు, పిలిచిన గంటలు రాయాలి. తక్కువ గంటలున్నవారిని ముందు పిలవాలి. కాదన్నా ఆ రెండు గంటలు వాళ్ళ పేరున పడతాయి. ఇది వినగానే అందరూ లేచారు: చేయని పని ఎలా రాస్తారని. కారణం ఉంది. కాదన్నది రాయకపోతే, కష్టమైన రోజుల్లో కాదంటూ వచ్చినవాడు ఎప్పుడూ జాబితాలో కిందే ఉంటాడు, మంచి రోజు వచ్చినప్పుడు మొదటి పిలుపు అతనికే వెళుతుంది. కాదన్నందుకు నోటీసు లేదు, మాట లేదు. వరుసలో ఒక మెట్టు వెనక్కి, అంతే.

ఒక మంగళవారం పుస్తకంలో ఇలా ఉంది: సీనియర్లకు పదేసి గంటలు, ఆ తల్లికి 6, కుర్రాడికి 6, మిగతా నలుగురికి ఎనిమిదేసి. పిలుపు తల్లికి, కుర్రాడికి. కుర్రాడు ఊరికి వెళ్ళాలని కాదన్నాడు. అతని పేరున 8 అయింది. రెండో చోటుకు ఎనిమిదేసి ఉన్న నలుగురూ సమానం. సర్వీసు ఎక్కువున్న ఆయన్ని పిలిచాం. సీనియారిటీకి మేమిచ్చిన చోటు ఇదే: గంటలు సమానమైనప్పుడు పెద్దవారు ముందు. వారంలో తమకు కుదిరే రోజులు ఎంచుకోవడంలోనూ పెద్దవారే ముందు.

సీనియర్లలో ఒకాయన "రెండేళ్ళలో రిటైర్ అవుతాను, పీఎఫ్ పెరగాలి కదప్పా" అన్నాడు. పీఎఫ్ చట్టం లెక్కకట్టే జీతంలో ఓటీ డబ్బు చేరదు, గ్రాట్యుటీ లెక్కలోనూ చేరదు. ఇది కాగితంతో చూపించాకే ఆయన మెత్తబడ్డాడు. ఓటీ ఆ నెల చేతికొచ్చే డబ్బు మాత్రమే. రోజుకు 800 వచ్చేవాడికి గంటకు 200, రెండు గంటలకు 400. ఆ 400 కుర్రాడికీ అవసరమే.

పుస్తకం నడవాలంటే మూడు షరతులు కావాలి. పిలుపు ముందురోజే రావాలి. మూడింటికి చెప్పి కాదనిపించుకుంటే అది రాయకూడదు. ముందుగా కుదరదని చెప్పిన రోజుల్లో పిలవకూడదు, రాయకూడదు. కొత్తగా చేరినవారికీ, ప్రసూతి సెలవు లాంటి పెద్ద సెలవు నుంచి వచ్చినవారికీ సెక్షన్ సగటు గంటలు రాసి మొదలుపెట్టాలి. సున్నా రాస్తే వారాల తరబడి పిలుపులన్నీ వాళ్ళకే పోతాయి.

ఎవరూ రామన్న రోజు ఏం చేయాలి? అప్పుడు కూడా తక్కువ గంటలున్నవారితోనే మొదలు, కానీ సమానమైతే తక్కువ సర్వీసు ఉన్నవారు ముందు. పెద్దవారికి గౌరవం అక్కడ దక్కుతుంది. ఆ రోజు కుదరదని ముందే చెప్పినవారి జోలికి పోకూడదు. అయినా ఎవరూ దొరకకపోతే ఆ పని మరునాటికి పోవాలి.

ఈ పుస్తకం అన్నిటినీ బాగుచేయదు. రోజుకు ముగ్గురు కావాల్సి వచ్చిందనుకోండి. మూడు నెలలకు 468 గంటలు. ఎనిమిది మందికి అప్పటి చట్టం ఒప్పింది 400. అప్పుడు ఎలా పంచినా తప్పే. ఇంకో ఇద్దరికి గ్రైండింగ్ నేర్పించమని యాజమాన్యాన్ని అడగాలి. మేం అడిగాం, ఒకరికి నేర్పించారు.

మీ సెక్షన్‌లో ఓటీ రిజిస్టర్ ఒకసారి అడిగి చూడండి. నెలకు ఎవరి పేరున ఎన్ని గంటలున్నాయో, అదే నెల సాయంత్రం బస్సులో ఎవరు వెళ్ళారో పక్కపక్కన పెట్టండి. ఓటీ రాసిన మనిషి అదే సాయంత్రం 4.30 బస్సులో వెళ్ళినట్టు కనిపిస్తే, మీ దగ్గర పంపకం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.