మొత్తం అంటే ఏ మొత్తం?

ఫోన్లో తీసిన బిల్లుల ఫోటోలు మోడల్‌కిచ్చి, అంకెలు పట్టికలోకి లాగించే పని మీరూ చేస్తున్నారంటే మనకి కబుర్లకి కొదవుండదు. ఇవాళ ఒక్క గడి గురించే మాట్లాడుకుందాం: మొత్తం.

ఒక హార్డ్‌వేర్ షాపు బిల్లు తీసుకోండి. సరుకు విలువ 4,235.00. సీజీఎస్టీ 9 శాతం 381.15, ఎస్‌జీఎస్టీ కూడా అంతే. కలిపితే 4,997.30. రౌండాఫ్ పోను 4,997.00. కింద పెన్నుతో పాత బాకీ 1,200 కలిపి 6,197 అని రాసి, చుట్టూ గీత గీశారు. ఇప్పుడు చెప్పండి, మొత్తం ఎంత? గడికి 'మొత్తం' అని పేరొక్కటే పెడితే ఒక ఫోటోకి 4,235 వస్తుంది, ఇంకోదానికి 6,197 వస్తుంది. చదవడంలో తప్పేం లేదండీ, అవన్నీ కాగితం మీద ఉన్న అంకెలే. ఏది కావాలో మనం చెప్పలేదు, అంతే. నేనైతే ఇలా రాస్తాను:

```
invoice_total: ఈ బిల్లు సరుకుకి పన్నులు, రౌండాఫ్
కలిపాక వచ్చే మొత్తం. పాత బాకీ కలపొద్దు.
కామాలు, రూపాయి గుర్తు వద్దు.
ఉదా: "₹1,28,406.00" -> 128406.00
కనబడకపోతే null
```

ఉదాహరణలో లక్ష దాటిన అంకె కావాలనే పెట్టాను. మన కామాలు పడే చోటు వేరు కదా, అది కళ్ళకి కట్టాలి. తేదీకీ ఇదే పద్ధతి. 25/12/2024 ఉదాహరణగా ఇస్తే ఏం లాభం? 25వ నెల లేదు కాబట్టి దాన్ని ఒక్కలాగే చదవగలం. 03/04/2025 ఇచ్చి, అది 2025-04-03 అని, అంటే ఏప్రిల్ 3 అని చూపిస్తే అసలు చిక్కు అక్కడ విడిపోతుంది.

ఉదాహరణలతో ఒక ప్రమాదం కూడా ఉంది. ఫోటో మసకగా ఉంటే మోడల్ ఒక్కోసారి ఆ ఉదాహరణనే తెచ్చి గడిలో పెట్టేస్తుంది. 500.00 లాంటి మామూలు అంకె ఇచ్చామనుకోండి, అది నిజం బిల్లుల్లో కలిసిపోయి దొరకదు. అందుకే అరుదైన అంకె ఇవ్వాలి. పని అయ్యాక పట్టికలో 128406.00 అని వెతికితే చాలు, కనబడ్డ ప్రతి వరుసకీ ఫోటో తెరిచి చూసుకోవచ్చు. null అన్న మాట మర్చిపోకండి. అది లేకపోతే ఖాళీకి ఒకచోట 0, ఒకచోట "లేదు" వస్తాయి. సున్నాని కూడికలో ఎవరూ పట్టుకోలేరు.

ఇంత రాశాక, వేర్వేరు షాపుల బిల్లులు ఒక ఇరవై తీసి ఇద్దరికివ్వండి. ఒకరినొకరు అడక్కుండా, ఈ వివరణ ఒక్కటే చదివి చేత్తో నింపమనండి. ఇద్దరికీ వేర్వేరుగా వచ్చిన బిల్లులు పక్కన పెట్టండి. వాటిలో అడ్వాన్సు ముందే కట్టిన బిల్లు ఒకటైనా తగులుతుంది, దాని గురించి మనం పైన ఒక్క ముక్కా రాయలేదు.