నాన్నగారి మోపెడ్

మా నాన్నగారికి 76 ఏళ్లు. మోపెడ్ మడ్‌గార్డుపై కొత్త గీతలు పడడం, రాత్రివేళ ఎదురు బండి లైటుకు ఆయన కళ్లు చెదిరి ఆగిపోవడం చూశాము. ఆనాడే మాట్లాడవలసింది, ఊరకున్నాము. ఆయన పడిపోయిన రోజున మనుమల ఎదుటే తాళంచెవి లాక్కున్నాము. రెండు రోజులు భోజనం ముట్టలేదు. తప్పు మాదే.

వారం తరువాత, కుటుంబ ప్రార్థన ముగిశాక, పిల్లలు నిద్రపోయాక కూర్చున్నాము. "రాత్రి కూడికకు మేము తీసుకువెళ్తాము, పాలకేంద్రానికి తమ్ముడు వెళ్తాడు, చీకటిపడ్డాక మాత్రం నడపవద్దు నాన్నా" అని అడిగాము. ఒప్పుకున్నారు. కంటి డాక్టరు శుక్లాలన్నారు. ఆపరేషన్‌తో చూపు కుదుటపడింది గాని, మెడ తిప్పి వెనుక వచ్చే లారీని చూడలేకపోయారు. ఆయనే గ్రహించి తాళంచెవి అమ్మ చేతికిచ్చారు.

మందిరానికి మేము ఆలస్యం చేస్తే మాత్రం ఇప్పటికీ కోపగించుకుంటారు.